పదేళ్ళ సర్వీసులో 38 నెలలు
పీఎంపీ దరఖాస్తుకు ముందే అర్హతను లెక్క కట్టుకోవడం ఎలా?

పీఎంపీ సర్టిఫికేషన్ తెచ్చుకోవాలనుకునేవాళ్ళు సాధారణంగా ముందు పుస్తకాలు కొంటారు, కోచింగ్‌లో చేరతారు, నెలల తరబడి మాక్ టెస్టులు రాస్తారు. దరఖాస్తు ఆఖరున నింపే ఫారమే కదా అనుకుంటారు. కానీ పరీక్షకు కూర్చునే హక్కు ఉందో లేదో తేలేది ఆ ఫారంలోనే. ఎంత చదివినా, చేసిన పని ఆ ఫారం అడిగే లెక్కకు సరిపోకపోతే పరీక్ష తేదీ దొరకదు. అందుకే పుస్తకం తెరవకముందే ఒక సాయంత్రం కూర్చుని ఈ లెక్క వేసుకోవాలి. కాగితం, కలం, పాత అపాయింట్‌మెంట్ లెటర్లు, క్యాలెండర్ దగ్గరుంటే చాలు.

పీఎంపీని ఇచ్చే సంస్థ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, క్లుప్తంగా పీఎంఐ. 1969లో అమెరికాలో పుట్టింది. 1984 నుంచి ఈ పరీక్ష నిర్వహిస్తోంది. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో, గల్ఫ్ దేశాల నిర్మాణ సంస్థల్లో, అమెరికా కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్ళకు ఈ మూడక్షరాలు బాగా పరిచయం. ఉద్యోగ ప్రకటనల్లో 'పీఎంపీ ఉంటే ప్రాధాన్యం' అనే మాట తరచుగా కనిపిస్తుంది. ఆ ప్రాధాన్యానికి ఒక కారణం, పీఎంఐ జ్ఞానంతో పాటు అనుభవాన్ని కూడా అడగడం.

అడిగేది ఏమిటి?

2021లో కొత్త రూపంలో పరీక్ష మొదలైనప్పటి నిబంధనలు ఇలా ఉన్నాయి. డిగ్రీ ఉన్నవాళ్ళకు ప్రాజెక్టులను నడిపిన అనుభవం కనీసం 36 నెలలు ఉండాలి. డిగ్రీ లేకుండా హైస్కూల్ చదువో, దానికి సమానమైన చదువో, డిప్లొమా స్థాయి చదువో ఉన్నవాళ్ళకు 60 నెలలు ఉండాలి. ఈ అనుభవమంతా దరఖాస్తు చేసే రోజు నుంచి వెనక్కి ఎనిమిదేళ్ళ లోపు సంపాదించినదే కావాలి. దీనికి తోడు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో 35 గంటల శిక్షణ పూర్తి చేసి ఉండాలి.

మన దగ్గర పాలిటెక్నిక్ చేసి సైట్ ఇంజినీరుగా చేరినవాళ్ళు ఇక్కడ జాగ్రత్తపడాలి. మూడేళ్ళ డిప్లొమాతో ఆగినవాళ్ళు 60 నెలల లెక్క వేసుకోవడమే క్షేమం. ఆ తర్వాత బీటెక్ పూర్తి చేసి ఉంటే 36 నెలల దారి పట్టవచ్చు. నిబంధనలో 'నాలుగేళ్ళ డిగ్రీ లేదా ఆయా దేశాల్లో దానికి సమానమైనది' అని ఉంటుంది. బీకాం, బీఎస్సీ లాంటి మూడేళ్ళ డిగ్రీ మీద అనుమానం ఉంటే ఫీజు కట్టకముందే పీఎంఐకి రాసి, జవాబును దాచుకోవాలి.

పాత కోచింగ్ నోట్సుల్లో, సీనియర్ల మాటల్లో '4,500 గంటలు', '7,500 గంటలు' అనే అంకెలు ఇప్పటికీ వినిపిస్తాయి. ఒకప్పుడు నెలలతో పాటు ప్రాజెక్టును నడిపిన గంటలు కూడా అడిగేవారు. ఇప్పుడు అనుభవాన్ని నెలల్లోనే లెక్కిస్తారు. నిబంధనలను పీఎంఐ అప్పుడప్పుడూ సవరిస్తుంది కాబట్టి, దరఖాస్తు చేసే వారంలో pmi.org నుంచి తాజా హ్యాండ్‌బుక్ తీసి చూసుకోవాలి. స్నేహితుడు రెండేళ్ళ కిందట దింపుకున్న ఫైలు మీద ఆధారపడకూడదు.

నడిపిన నెలలే లెక్కలోకి

అందరూ తడబడేది ఈ అనుభవం దగ్గరే. సర్వీసు ఎన్నేళ్ళో పీఎంఐ అడగదు. ఆ సర్వీసులో ప్రాజెక్టులను నడిపిన నెలలెన్ని అని అడుగుతుంది. అందువల్ల ప్రతి నెలకూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ నెలలో చేసింది ప్రాజెక్టేనా? అందులో మన పాత్ర నడిపించడమేనా?

ప్రాజెక్టు అంటే ఒక మొదలు, ఒక ముగింపు ఉండి, అప్పటిదాకా లేని ఏదో ఒకదాన్ని తయారుచేసి అప్పగించే పని. కొత్త యాప్ కట్టడం ప్రాజెక్టు. ఆ యాప్ నడుస్తుండగా రోజూ వచ్చే ఫిర్యాదులను పరిష్కరించడం ప్రాజెక్టు కాదు, నిత్య నిర్వహణ. ఐటీలో ప్రొడక్షన్ సపోర్ట్ టీములు, ఫ్యాక్టరీలో రోజువారీ ఉత్పత్తి, ఆసుపత్రిలో మామూలు పరిపాలన ఈ రెండో కోవలోకి వస్తాయి. కంపెనీ తన రికార్డుల్లో సపోర్ట్ పనికి కూడా 'ప్రాజెక్ట్ కోడ్' ఇస్తుంది కాబట్టి ఉద్యోగులకు అది ప్రాజెక్టులాగే అనిపిస్తుంది. ఆ పని ఏ తేదీన ముగిసింది, ముగిసిన రోజున ఎవరికి ఏం అప్పగించాం అని అడిగి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఈ రెంటికీ జవాబు లేకపోతే అది నిర్వహణే.

రెండో ప్రశ్న పాత్ర గురించి. విజిటింగ్ కార్డు మీద 'ప్రాజెక్ట్ మేనేజర్' అని ఉండనక్కర్లేదు. టెక్ లీడ్, మాడ్యూల్ లీడ్, సైట్ ఇంజినీర్, ప్లానింగ్ ఇంజినీర్ ఏ హోదాలో ఉన్నా, పని పరిధిని తేల్చడం, షెడ్యూలు వేయడం, మనుషులకు పని పంచడం, ప్రమాదాలను ముందే గుర్తించడం, క్లయింటుతో మార్పుల గురించి మాట్లాడి ఒప్పించడం చేసి ఉంటే అది నడిపించడమే. హోదా ఎంత పెద్దదైనా, ఇతరుల ప్రాజెక్టుల వివరాలు సేకరించి వారం వారం రిపోర్టు పంపడమే పనైతే దాన్ని నడిపించడంగా చూపించలేం.

దీనికి తోడు మరో నియమం ఉంది. ఒకే కాలంలో రెండు ప్రాజెక్టులు నడిపినా ఆ నెలలు ఒక్కసారే లెక్కకు వస్తాయి. ఒకే రోజు ఇద్దరి పొలాల్లో నాట్లు వేసిన కూలీకి క్యాలెండర్‌లో గడిచింది ఒక్క రోజే కదా, ఇదీ అంతే. దరఖాస్తులో రెండు ప్రాజెక్టులూ చూపించవచ్చు. మొత్తం నెలల్లో మాత్రం ఆ కాలం రెండింతలు కాదు.

ఒక లెక్క వేసి చూద్దాం

హైదరాబాద్‌లో ఒక ఐటీ ఉద్యోగినిని ఊహించుకుందాం. బీటెక్ చదివి 2015 జులైలో చేరింది. 2025 ఆగస్టులో దరఖాస్తు చేయాలనుకుంటోంది. పదేళ్ళు దాటిన సర్వీసు. మొదటి రెండున్నరేళ్ళు డెవలపర్‌గా పనిచేసిన సంగతి తనకు తెలుసు కాబట్టి వాటిని వదిలేసింది. మిగతావన్నీ కలిపి చూస్తే 89 నెలలు వచ్చాయి. కావలసింది 36 కదా, ఇబ్బందే లేదనుకుంది. ఇప్పుడు ఒక్కొక్కటే పరిశీలిద్దాం.

2018 జనవరి నుంచి డిసెంబరు దాకా ఒక బ్యాంకు మొబైల్ యాప్‌కి ఆరుగురు సభ్యుల బృందాన్ని నడిపింది. హోదా మాడ్యూల్ లీడ్. షెడ్యూలు ఆమెదే, క్లయింటు సమావేశాలూ ఆమెవే. 12 నెలలూ చెల్లుతాయి.

2018 జులై నుంచి 2019 మార్చి దాకా అదే బ్యాంకుకు పాత డేటాను కొత్త వ్యవస్థలోకి మార్చే ప్రాజెక్టును కూడా చూసుకుంది. ఇది 9 నెలల పని. కానీ జులై నుంచి డిసెంబరు దాకా ఆరు నెలలు మొదటి ప్రాజెక్టులో ఇదివరకే లెక్కకు వచ్చాయి. కొత్తగా కలిసేవి జనవరి, ఫిబ్రవరి, మార్చి. ఇప్పటికి 15 నెలలు. ఆ తర్వాత ఏప్రిల్, మే నెలల్లో బెంచి మీద ఉంది. అవి చెల్లవని ఆమెకు ముందే తెలుసు కాబట్టి 89లో కలపలేదు.

2019 జూన్ నుంచి 2021 ఆగస్టు దాకా 27 నెలలు ప్రొడక్షన్ సపోర్ట్ టీముకు లీడ్. ఆమె లెక్కలో అన్నిటికంటే పెద్ద ముక్క ఇదే. ఇది ప్రాజెక్టు కాదు కాబట్టి దాదాపు మొత్తం పోతుంది. అయితే ఆ కాలంలోనే 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ దాకా ఆ అప్లికేషన్‌ను సొంత సర్వర్ల నుంచి క్లౌడ్‌కు మార్చే పనిని ఆమె ముందుండి చేయించింది. దానికి విడిగా బడ్జెట్ ఉంది, విడిగా తేదీలున్నాయి, చివర్లో క్లయింటు సంతకం పెట్టిన అప్పగింత పత్రం ఉంది. ఆ ఆరు నెలలు చెల్లుతాయి. మొత్తం 21. సపోర్ట్‌లో పనిచేసేవాళ్ళంతా ఇలా వెనక్కి తిరిగి వెతుక్కోవాలి. నిర్వహణ మధ్యలో ఇలాంటి చిన్న ప్రాజెక్టులు మరుగునపడి ఉంటాయి.

2021 సెప్టెంబరు నుంచి ఆరు నెలలు ప్రసూతి సెలవు. ఇవి కూడా ఆమె కలపలేదు. 2022 మార్చి నుంచి 2023 ఫిబ్రవరి దాకా ఒక బీమా సంస్థకు క్లెయిముల వ్యవస్థను ఎజైల్ పద్ధతిలో కట్టించింది. ఎజైల్ కాబట్టి చెల్లదేమో అన్న భయం అక్కర్లేదు. పీఎంఐ ఫారంలో సంప్రదాయ పద్ధతి, ఎజైల్, రెండూ కలిసినది, మూడింటికీ చోటుంది. 12 నెలలు కలిసి 33 అయ్యాయి.

2023 మార్చిలో కంపెనీ మారింది. అక్కడ రెండేళ్ళు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఆఫీసులో ఉంది. పేరు చూస్తే అన్నిటికంటే బాగా సరిపోయేది ఇదే అనిపిస్తుంది. చేసింది మాత్రం పది ప్రాజెక్టుల స్థితిగతులను ఒక పట్టికలో పెట్టి పైవాళ్ళకు పంపడం. ఏ ప్రాజెక్టుకూ నిర్ణయాలు ఆమెవి కావు. ఈ 24 నెలలను వదులుకోవడమే నిజాయితీ. 2025 మార్చి నుంచి జులై దాకా ఒక చిన్న ప్రాజెక్టును మొదటి నుంచి చివరిదాకా నడిపింది. 5 నెలలు. మొత్తం 38.

89 అనుకున్నది 38 దగ్గర ఆగింది. అయినా 36 దాటింది కాబట్టి ఆమె అర్హురాలే. కానీ చేతిలో మిగులు రెండు నెలలే. క్లౌడ్ ప్రాజెక్టుకు సాక్ష్యం చెప్పే మనిషి దొరక్క ఆ ఆరు నెలలు పక్కన పెట్టాల్సి వస్తే 32కి పడిపోతుంది. ఆ సంగతి దరఖాస్తుకు ముందు తెలిస్తే ఇంకో ప్రాజెక్టు పూర్తయ్యేదాకా ఆగవచ్చు. తర్వాత తెలిస్తే అప్పటికి ఫీజు కట్టేసి ఉంటుంది.

ఆగడంలోనూ ఒక మెలిక ఉంది. ఎనిమిదేళ్ళ హద్దు రోజురోజుకూ ముందుకు జరుగుతుంది. ఆ హద్దు మారకుండా ఉండి, ఈమె మరో ఏడాది ఆగి 2026 ఆగస్టులో దరఖాస్తు చేస్తే 2018 జనవరి నుంచి జులై దాకా ఏడు నెలలు హద్దు బయటికి పోతాయి. ఈలోగా కొత్త ప్రాజెక్టు ఏదీ నడపకపోతే మిగిలేవి 31 నెలలే. అర్హత ఉన్న మనిషి, ఊరికే ఆగినందుకు అర్హత కోల్పోతుంది. పాత అనుభవం ఎక్కువగా ఉన్నవాళ్ళు ఎప్పటిలోగా దరఖాస్తు చేయాలో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవాలి.

35 గంటలు ఎలా లెక్కిస్తారు?

శిక్షణ లెక్క కొంచెం తేలిక. ఒక గంట పాఠం వింటే ఒక గంట. భోజన విరామం, టీ విరామం కలవవు. అనుభవానికి ఉన్న ఎనిమిదేళ్ళ హద్దు దీనికి లేదు, పాత శిక్షణ కూడా పనికొస్తుంది. కానీ దరఖాస్తు సమర్పించే నాటికి శిక్షణ పూర్తయి ఉండాలి.

పీఎంఐ గుర్తింపు పొందిన శిక్షణ సంస్థలు, ఇతర శిక్షణ కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, మనం పనిచేసే కంపెనీ పెట్టే తరగతులు, పీఎంఐ స్థానిక చాప్టర్ల వర్క్‌షాపులు చెల్లుతాయి. హైదరాబాద్‌లో పీఎంఐ పెర్ల్ సిటీ చాప్టర్ ఉంది. ఆన్‌లైన్ కోర్సు కూడా చెల్లుతుంది, అయితే చివర్లో నేర్చుకున్నదాన్ని పరీక్షించే అంచనా ఉండాలి. సొంతంగా పుస్తకం చదవడం, వీడియోలు చూడడం, సీనియర్ దగ్గర కూర్చుని నేర్చుకోవడం చెల్లవు. అవి పరీక్ష గట్టెక్కడానికి ఎంతో ఉపయోగపడవచ్చు. 35 గంటల్లో మాత్రం ఒక్క గంట కూడా కలవదు.

మన ఉద్యోగిని దగ్గర మూడు రోజుల కంపెనీ శిక్షణ సర్టిఫికెట్ ఉంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 24 అనుకుంది. విరామాలు పోగా పాఠం జరిగింది రోజుకు ఆరు గంటలే, అంటే 18. రెండు రోజుల స్క్రమ్ శిక్షణలో 14 గంటలు పాఠాలు జరిగాయి. రెండూ కలిపి 32. యూట్యూబ్‌లో చూసిన పాఠాలు లెక్కలోకి రావు. ఇంకా మూడు గంటలు తక్కువ. నాలుగు గంటల వర్క్‌షాపు ఒకటి చేస్తే 36 అవుతుంది. ఈ మూడు గంటల లోటు ముందే తెలిస్తే ఒక శనివారంతో తీరిపోతుంది.

ఇక్కడ సర్టిఫికెట్‌ను శ్రద్ధగా చూడాలి. దాని మీద పేరు, కోర్సు పేరు, తేదీలు, సంస్థ పేరు, ముఖ్యంగా గంటల సంఖ్య ఉండాలి. 'మూడు రోజుల కార్యక్రమం' అని మాత్రమే ఉంటే ఆ సంస్థ నుంచి గంటలు రాసిన పత్రం అడిగి తీసుకోవాలి. యూనివర్సిటీ కోర్సులో ఒక భాగమే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అయితే ఆ భాగానికి పట్టిన గంటలే చెల్లుతాయి.

ఆడిట్ వస్తే

పీఎంఐ కొన్ని దరఖాస్తులను ఏ అనుమానం లేకుండానే యాదృచ్ఛికంగా ఎంపిక చేసి ఆడిట్ చేస్తుంది. ఎంపికైన కబురు ఫీజు కట్టాక వస్తుంది. అప్పుడు డిగ్రీ నకలు, శిక్షణ సర్టిఫికెట్లు, ఫారంలో చూపించిన ప్రతి ప్రాజెక్టుకూ ఆ పనిని దగ్గరగా చూసిన మేనేజరో, మరో బాధ్యుడో ఇచ్చిన ధ్రువీకరణ సమర్పించాలి. గడువు 90 రోజులు. సమర్పించలేకపోయినా, ఇచ్చినవి సరిపోకపోయినా కొంతకాలం మళ్ళీ దరఖాస్తు చేసే వీలుండదు.

మన దగ్గర ఇబ్బంది పెట్టేది ఈ ధ్రువీకరణే. రిలీవింగ్ లెటర్‌లో చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా తప్ప ఏమీ ఉండవు. ఏ ప్రాజెక్టును ఎన్ని నెలలు నడిపామో అందులో రాయరు. పాత కంపెనీ హెచ్‌ఆర్ విభాగానికి ఆ సంగతి తెలియదు కూడా. తెలిసింది అప్పటి మేనేజరుకు. ఆయన ఈపాటికి కంపెనీ మారి ఉండవచ్చు, దేశమే దాటి ఉండవచ్చు. అందుకే దరఖాస్తుకు ముందే ప్రతి ప్రాజెక్టుకూ ఒక మనిషిని వెతికి పట్టుకుని, "సార్, మీ దగ్గర చేసిన ఫలానా ప్రాజెక్టును చూపిస్తున్నాను. తేదీలు ఇవి, నా పాత్ర ఇది. అవసరమైతే ధ్రువీకరిస్తారా?" అని అడిగి, రాసిన వివరాలు ఆయనకు పంపాలి. ఆయన తేదీల్లో తేడా చెబితే అప్పుడే దిద్దుకోవచ్చు.

ఫారంలో ప్రతి ప్రాజెక్టుకూ సంస్థ, హోదా, తేదీలు, బృందం పరిమాణం, బడ్జెట్, పద్ధతి నింపి, చేసిన పనిని కొన్ని వందల పదాల్లో వివరించాలి. 'బృందంతో కలిసి శ్రమించి ప్రాజెక్టును విజయవంతంగా పూర్తి చేశాం' లాంటి వాక్యం ఏమీ చెప్పదు. ఎవరు ఏం చేశారో అందులో లేదు. క్లౌడ్ ప్రాజెక్టునే తీసుకుంటే, పాత సర్వర్ల ఒప్పందం ముగిసేలోగా అప్లికేషన్‌ను మార్చడం లక్ష్యమని మొదట చెప్పాలి. ఏయే భాగాలు మారాలో తేల్చింది తానేనని, ఆరు నెలల షెడ్యూలు వేసి పని పంచిందని, డేటా పోయే ప్రమాదాన్ని గుర్తించి ముందే రెండుసార్లు ప్రయోగాత్మకంగా మార్చి చూపించిందని, చివర్లో క్లయింటు చేత అప్పగింత పత్రం మీద సంతకం చేయించిందని రాయాలి. మొదలు, ప్రణాళిక, అమలు, అదుపు, ముగింపు అన్నీ అందులో కనిపిస్తాయి. సంతకం పెట్టే మేనేజరుకూ ఆ పని గుర్తుకొస్తుంది.

కొందరు కోచింగ్ కేంద్రాలవాళ్ళు ఇచ్చిన సిద్ధంగా ఉన్న వివరణలను తమ ప్రాజెక్టుల కింద అతికిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పీఎంఐ నీతి నియమావళిలో నిజాయితీ ఒక మూలసూత్రం. అబద్ధపు అనుభవం చూపించినట్టు తేలితే పరీక్ష పాసైన తర్వాత కూడా సర్టిఫికెట్ పోయే ప్రమాదం ఉంది.

ఏది ముందు, ఏది తర్వాత

దరఖాస్తును ఆన్‌లైన్‌లో మొదలుపెట్టిన తర్వాత పూర్తి చేయడానికి 90 రోజుల గడువు ఉంటుంది. కాబట్టి లెక్క అంతా బయట చేసుకుని ఫారం తెరవడం మంచిది. ముందు నెలల పట్టిక వేసుకోవాలి. తర్వాత ప్రతి ప్రాజెక్టుకూ ధ్రువీకరించే మనిషితో మాట్లాడాలి. ఆ తర్వాత శిక్షణ గంటల లోటు తీర్చుకుని సర్టిఫికెట్ చేతికి తెచ్చుకోవాలి. పేరు డిగ్రీలో ఒక తీరుగా, పాస్‌పోర్టులో మరో తీరుగా ఉంటే ఆ తేడాను కూడా ఈ దశలోనే సరిచూసుకోవాలి. ఇంటిపేరును పొడి అక్షరంగా రాసే అలవాటున్న మనకు ఇది తరచుగా ఎదురయ్యే చిక్కు. ఇవన్నీ కుదిరాక ఫారం నింపి ఫీజు కట్టాలి. దరఖాస్తు ఆమోదం పొందితే పరీక్ష రాయడానికి ఏడాది గడువు, ఆ ఏడాదిలో మూడు అవకాశాలు ఉంటాయి. గట్టి చదువు అప్పుడు మొదలుపెట్టినా ఆలస్యమేమీ కాదు.

లెక్క తక్కువ వచ్చినవాళ్ళకు కూడా దారి ఉంది. పీఎంఐ సీఏపీఎం అనే మరో సర్టిఫికేషన్ ఇస్తుంది. దానికి ప్రాజెక్టు అనుభవం అక్కర్లేదు. హైస్కూల్ స్థాయి చదువు, 23 గంటల శిక్షణ ఉంటే చాలు. అది చేతిలో ఉండగా పీఎంపీకి దరఖాస్తు చేస్తే 35 గంటల శిక్షణను విడిగా చూపించనక్కర్లేదు. అలాంటివాళ్ళు ఈ రోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టి, ఏ ప్రాజెక్టు ఏ తేదీన మొదలైందో, తమ బాధ్యత ఏమిటో, బృందంలో ఎందరున్నారో, ఎవరు పర్యవేక్షించారో నెలనెలా రాసుకోవాలి. మేనేజరు కంపెనీ వదిలి వెళ్ళేటప్పుడు ఆయన వ్యక్తిగత ఈమెయిల్ అడిగి అందులో రాసి పెట్టుకోవాలి. 36వ నెల నిండిన రోజున దరఖాస్తుకు కావలసిన వివరాలన్నీ ఆ నోట్‌బుక్‌లోనే ఉంటాయి.